లచ్చన్న జాగాలో మనిషి

రాజీనామా రాయించుకోవడానికి వచ్చేవాళ్లు నా దగ్గర రెండు రకాలు. కొందరు ముదీర్‌ని, అంటే మా మేనేజర్‌ని, తిట్టించాలని వస్తారు, కొందరు కాళ్లు పట్టించాలని వస్తారు. రెండూ పనికిరావని చెప్పి చెప్పి నా నోరు పోయింది. లచ్చన్న ఆ రెండు రకాల్లోనూ చేరడు. అతను నా టైపు మిషన్ ఎదురుగా నిలబడి, కిటికీలోంచి మిక్సర్ వైపు చూస్తూ, "రహీం భాయ్, ఇస్తీఫా రాయాలె. ఆడు లోపల్నే ఉన్నడు" అన్నాడు.

మాది దుబాయ్ అవతల సజ్జాలో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ. నేను నెల్లూరువాణ్ణి, ఆఫీసులో గుమాస్తాని. లచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె. మిక్సర్ దగ్గర ఫోర్‌మన్. అతను ఆడు అన్నది పర్శరాములుని. పర్శరాములు అప్పటికి మూడు నెలల కిందే చనిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ మిక్సర్ ఆపుతారు. లోపల గోడలకీ రెక్కలకీ గట్టిపడ్డ సిమెంటుని ఉలీ సుత్తీ పెట్టి కొట్టి రాల్చాలి. ఆ పని పర్శరాములుది. దిగే ముందు ఫ్యూజు పీకి, దిగేవాడే తన జేబులో వేసుకోవాలి. స్విచ్ బోర్డు గోడ అవతల ఉంటుంది, అక్కడివాడికి లోపల మనిషున్నాడో లేడో కనపడదు. ఆ రోజు ఆర్డరు తొందర. పర్శరాములు ఫ్యూజు పీకకుండా దిగాడు. గోడ అవతల ఎవరో స్విచ్ వేశారు. ఎవరన్నది తేలలేదు. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వాడి అజాగ్రత్తే అని తేల్చారు. ఖలాస్.

"మిషన్ ఆపంగనే ఇనవడ్తది భాయ్" అన్నాడు లచ్చన్న. "టక్, టక్, టక్. ఉలి సప్పుడు. మూత దీసి జూస్తె ఎవ్వడుండడు. మూతేస్తె మల్ల మొదలైతది."

"ఇంకెవరికన్నా వినపడతా ఉందా?"

"నాకే."

నాకు కోపం వచ్చింది. భయమేస్తే నాకు ముందు కోపం వస్తుంది, అదీ నా గుణం. "చూడు లచ్చన్నా, ఇదంతా కాగితం మీద పెడితే నిన్ను పిచ్చోడంటారు. ఇంటికి పోవాలంటే సెలవు పెట్టుకో. రాజీనామా ఎందుకు?"

"సెలవైతె మల్ల గీ మిషన్ కాడికే రావాలె గద. నేనింక గీ మిషన్ ముంగట నిలవడ. కని దుబాయ్ ఇడిస్తె ఎట్ల బతుకుడు? బోరెండింది. నా పెండ్లాం సమ్మవ్వ ఇద్దరు పోరగాండ్లతోని నా మనిఆర్డర్ కోసమే సూస్తది. ఇంకో కంపెనీల రావాలె."

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటుంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తనకు అభ్యంతరం లేదని కాగితం ఇవ్వకపోతే ఇంకో వీసా మీద రావడం కష్టం. ఫోర్‌మన్‌గా మంచివాడు, పనిమంతుడు అని సర్వీస్ సర్టిఫికెట్ మీద రాయకపోతే, కొత్త కంపెనీలో మళ్లీ పార పట్టుకోవాలి. అందుకని రాజీనామా పుల్ల విరిచినట్టు రాయకూడదు. అలాగని సెలవు చీటీలా మెత్తగానూ ఉండకూడదు. ఎప్పుడు పోతాడో స్పష్టంగా చెప్పి, పోకముందు ఏం అప్పగిస్తాడో చెప్పి, ఎవరి మీదా నింద పడని కారణం ఒక్కటే చెప్పాలి.

కాగితం ఎక్కించి మొదలుపెట్టాను. కాంట్రాక్టు ముగుస్తున్నందున నెల నోటీసు ఇస్తూ రాజీనామా చేస్తున్నాను. ఇంటి వ్యవసాయం చూసుకోవలసి ఉంది. ఇక్కడ పని నేర్పి ఫోర్‌మన్‌ని చేసిన యాజమాన్యానికి కృతజ్ఞుణ్ణి. సర్వీస్ సర్టిఫికెట్, అభ్యంతరం లేదన్న పత్రం దయచేయండి. ముందుముందు అవసరమనిపిస్తే మళ్లీ ఇక్కడ పనిచేయడం నాకు సంతోషం. ఇంగ్లీషులో కొట్టి, తెలుగులో చదివి వినిపించాను.

"పర్శరాములు పేరు లేదు" అన్నాడు.

"ఉండకూడదు."

"ఆ ఫ్యూజు ముచ్చటన్న రాయి భాయ్."

"రాస్తే కంపెనీ తప్పని రాసినట్టు. నీ సర్టిఫికెట్‌కి సలాం కొట్టుకో ఇంక. నువ్వు పోతా ఉండావు, కేసు పెట్టడానికి కాదు గదా!"

నేను మిగిలిన ఒక్క వాక్యం దగ్గరికి వచ్చాను. మా క్యాంపుల్లో వాడుక అది, అందరికీ తెలుసు. పోయేవాడు తన జాగాలో తన మనిషిని నిలబెట్టి పోతాడు. ముదీర్‌కి ఏజెంటు బాధ తప్పుతుంది, పోయినవాడి మీద మనసు మంచిగా ఉంటుంది, తలుపు తెరిచి ఉంటుంది. నాలుగేళ్ల కింద లచ్చన్న ఒకసారి రాజీనామా చేసి పోయాడు. అప్పుడు కూడా నేనే కొట్టాను. ఏడాది తిరిగేసరికి ముదీర్ తనే వీసా పంపించి పిలిపించుకున్నాడు, ఫోర్‌మన్‌ని చేశాడు. ఆ ఒక్క వాక్యం చేసిన పనే అది.

"నీ జాగాలో ఎవరి పేరు రాయమంటావు?" అన్నాను.

అతని మొహం చూశాక నాకు గుర్తొచ్చింది. పోయినసారి ఆ వాక్యంలో ఉన్న పేరు పర్శరాములు.

"నేనే దెచ్చిన" అన్నాడు లచ్చన్న. "రానంటె, గీడ సుఖముంటదని శెప్పి దెచ్చిన. ఆని తల్లి లింగవ్వ నా శేతుల వెట్టి పంపింది."

ఫ్యాను తిరుగుతోంది. కిటికీ అవతల మిక్సర్ ఆగి ఉంది. నేను కూడా చెవులు రిక్కించానని అప్పుడు తెలుసుకుని, నా మీద నాకే విసుగేసింది. "పేరు లేకపోతే ముదీర్ సర్టిఫికెట్ ఇస్తాడో ఇవ్వడో నేను చెప్పలేను. నీ ఇష్టం" అన్నాను కటువుగా.

"హన్మాండ్లు" అన్నాడు లచ్చన్న. "నా బామ్మర్ది. రెండేండ్ల సంది ఎంటవడ్తుండు." అని, గోడ వైపు తిరిగాడు. నేను ఆ పేరు కొట్టాను.

ముదీర్ చెడ్డవాడేం కాదు. హిందీ కూడా వచ్చు. లచ్చన్నకి కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, ఉత్తరం చదివాడు. చదువుతూంటే మొహం విప్పారింది. బాగా రాశావని నా వైపు తల ఊపాడు. సంతకానికి కలం తీస్తూ, మామూలుగా, ఇటుకల సైజు అడిగినట్టు అడిగాడు.

"యే హన్మాండ్లు, సన్నగా ఉంటాడా? ఆ పర్శరాములు సన్నగా ఉండేవాడు. లోపలికి దిగాలి కదా."

లచ్చన్న చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అతను లేచి, బల్ల మీదకి వంగి, ముదీర్ చేతి కింద నుంచి కాగితం మెల్లగా లాగేసుకున్నాడు. "మాఫ్ కరో సాబ్, గల్తీ హోగయా. ఫిర్ లాతా" అని బయటికి వచ్చేశాడు. నేను ముదీర్‌కి ఏదో టైపు తప్పు అని సర్దిచెప్పి పరుగెత్తాను.

వరండాలో అతను కాగితాన్ని చింపి, ముక్కలు జేబులో కుక్కుకుంటున్నాడు. "హన్మాండ్లు పేరెత్తంగనే లోపటికెల్లి ఉలి సప్పుడైంది భాయ్. దేవుని తోడు. జాగ ఖాళీ వెట్టి పోత. తలుపు మూస్తె మూయనీ. సమ్మవ్వకు ఏం జెప్పుకుంటనో అది నా తిప్పలు."

తలుపు మూసుకోనిస్తానా నేను? ఇన్నేళ్లుగా రాజీనామాలు రాస్తున్నది ఎందుకు మరి? అతన్ని లోపలికి తీసుకొచ్చి, కుర్చీలో కూర్చుని కొత్త కాగితం ఎక్కించాను. మున్సిపాలిటీ నుంచి ఇన్స్‌పెక్టర్ రెండుసార్లు వచ్చి, మిక్సర్ శుభ్రం చేసే పద్ధతి ఏమిటో రాసి చూపించమని ముదీర్‌ని అడిగి వెళ్లాడు. ముదీర్ దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఆ సంగతి ఆఫీసులో నాకే తెలుసు.

హన్మాండ్లు పేరున్న చోట ఇలా కొట్టాను: నోటీసు నెలలో, మిక్సర్ శుభ్రం చేసే పద్ధతిని కొత్తవారికి నేర్పి అప్పగిస్తాను. ఫ్యూజుకి తాళం పెట్టె ఒకటి బిగిస్తాను. దిగే మనిషి దగ్గరే దాని తాళంచెవి ఉండేలా అలవాటు చేయిస్తాను. పద్ధతి రాసి గోడకి తగిలిస్తాను. దీని వల్ల పని ఆగకుండా, కంపెనీ పేరు నిలబడుతుందని నా నమ్మకం.

చదివి వినిపించాను. లచ్చన్న రెండోసారి చదవమన్నాడు. "గిండ్ల నింద లేదు" అన్నాడు ఆశ్చర్యంగా.

"లేదు. కానీ ఉండాల్సిందంతా ఉంది."

ముదీర్ ఈసారి నిదానంగా చదివాడు. "మనిషేడీ?" అన్నాడు.

"ఆద్మీ నహీ సాబ్" అన్నాడు లచ్చన్న. ముదీర్ ఆ తాళం పెట్టె వాక్యం దగ్గర మళ్లీ ఆగాడు. పర్శరాములు పోయిన మధ్యాహ్నం ఆయన కూడా మూత దగ్గరికి పరుగెత్తినవాడే. కాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత సంతకం చేసి, గోడకి తగిలించే కాగితం తనకి ముందు చూపించమన్నాడు.

ఆ నెలంతా లచ్చన్న చెప్పినట్టే చేశాడు. తాళం పెట్టె బిగించాడు. దిగేవాడు తాళంచెవి జేబులో తడిమి చూపిస్తేగానీ మూత తీయనివ్వలేదు. ఉలి చప్పుడు మాత్రం తగ్గలేదన్నాడు. నేను మళ్లీ అడగడం మానేశాను.

పోయే రోజు పొద్దున సర్టిఫికెట్ చేతికిచ్చాను. మంచివాడు, నమ్మకస్తుడు, ఫోర్‌మన్‌గా సమర్థుడు అని ఉంది. అభ్యంతరం లేదన్న పత్రమూ ఉంది. అడుగున ముదీర్ తన చేత్తో ఒక వాక్యం రాశాడు. నేను కొట్టింది కాదది. అదేమిటని అడిగాడు లచ్చన్న.

"ఎప్పుడు వచ్చినా ఇతన్ని తీసుకుంటాం, అని" చెప్పాను. నాకు గర్వంగానే ఉంది. "తలుపు బార్లా తెరిచి పెట్టించినాను నీకు."

లచ్చన్న ఆ వాక్యం మీద వేలు పెట్టి నిలబడ్డాడు. "మంచిగైంది భాయ్" అన్నాడు. "మూసి ఉంటె ఆడెట్ల బయటికొస్తడు?"

అతను మిక్సర్ దగ్గరికి నడిచాడు. భోజనాల వేళ, మిషన్ ఆగి ఉంది. మూత తీసి, లోపలికి వంగి, ఇంటి దగ్గర ఎవర్నో నిద్ర లేపినంత నెమ్మదిగా పిలిచాడు. "పర్శరాం, లెవ్వు బిడ్డ. పోదాం పా. అవ్వ సూస్తుంది."

టాక్సీ గేటు దగ్గర ఆగి ఉంది. పెట్టె డిక్కీలో పెట్టించాను. లచ్చన్న వెనక తలుపు తీసి, తను ఎక్కకుండా కాసేపు పక్కకి నిలబడ్డాడు. తర్వాత ఎక్కి, ఈ చివరికి ఒదిగి, పక్కన జాగా వదిలి కూర్చున్నాడు. డ్రైవరు పఠాన్, ఇంకెవరైనా వస్తారా అని అడిగాడు.

"ఆగయా" అన్నాడు లచ్చన్న, వచ్చేశాడని. "చలో."

టాక్సీ ఇసుక రోడ్డు మలుపు తిరిగే దాకా చూశాను. వెనక్కి వచ్చి మిక్సర్ పక్కన నిలబడ్డాను. ఇన్నాళ్లూ నాకు ఏ చప్పుడూ వినపడలేదు, ఆ రోజూ వినపడలేదు. కానీ అంతకు ముందు అది ఖాళీగా ఉందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఆ రోజు అనిపించింది. ఏడుపొచ్చింది నాకు. అక్కడే ఇటుకల వరస మీద కూర్చుని, ఎవరు చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చాను.