బస్తాకు రూపాయిన్నర

మల్లినాథం సేటు తుమ్మితే ఆ తుమ్మును కూడా రైతు ఖాతాలోనే రాస్తాడని మిర్చి బండ్లవాళ్లు చెప్పుకునేవాళ్లు. అబద్ధమేమీ కాదు. సికింద్రాబాదులో రెజిమెంటల్ బజారు వెనక సందులో అతని ఆడ్తి దుకాణం. మిర్చి ఘాటుకు హమాలీలు, రైతులు, ఎడ్లు అందరూ తుమ్ముతారు. సేటు మాత్రం సెంటు పూసిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గద్దె మీద కూర్చుంటాడు. పంట పండించింది ఒకడు, కొనేది ఇంకొకడు. మధ్యన ఈయన రుమాలు పట్టుకుని కూర్చున్నందుకు నూటికి నాలుగు రూపాయలు. దానికి కమిషన్ అని పేరు.

పోలీసు చర్య అయిన ఏడాది. మాఘం ముగిసి ఎండ ముదురుతోంది. పోయినేడు నిజాం ప్రభువు పటం వేలాడిన మేకుకే ఇప్పుడు మూడు రంగుల జెండా వేలాడుతోంది. మేకు మార్చలేదు. మంచి మేకు, ఎందుకు మార్చాలి?

జాన్ సాహెబ్ తెల్లవారుజామున ఆరు బస్తాల మిరపకాయలతో వచ్చాడు. కీసర దిక్కు పల్లె, దూదేకుల మనిషి. ఇంట్లో తెలుగే, బజారులో తెలుగే. బాయి కింద ఎకరం మిరప. బండి మాత్రం పక్కింటివాడిది, ఎడ్లూ వాడివే. తన జత ఎడ్లలో ఒకదాన్ని భాద్రపదంలో ఇండియా ఫౌజు వచ్చి గడబిడ జరిగినప్పుడు ఎవరో తోలుకుపోయారు. ఎవరని అడిగితే ఏం చెప్తాడు? పారిపోయేవాళ్లూ ఆ దారినే పోయారు, తరిమేవాళ్లూ ఆ దారినే వచ్చారు. మిగిలిన ఒంటెద్దుతో మోట తిరగదు. వేసిన ఉల్లినారు నీళ్లు లేక సగం ఒరిగింది.

బన్సీలాల్‌పేటలో బండ్లు తోలే జిలానీ దగ్గర జతకు సరిపోయే ఎద్దు ఉంది. ధర నూట నలభై హాలీ రూపాయలు, నిజాం సిక్కా. "మామూ, నీ మొహం జూసి సాయంత్రం దాంక ఆపుత. రాత్రికి ఇంకొకడు తోలుకపోతడు. పైసా తగ్గదు, ఉధార్ లేదు" అని జిలానీ ముందే తెగేసి చెప్పాడు. అందుకే జాన్ సాహెబ్‌కు ఆ రోజు ప్రపంచంలో ఉన్న లెక్క ఒక్కటే. చేతిలో నూట నలభై పడాలి.

దుకాణం వెనక ప్రహరీ కట్టిన పెద్ద పెరడు, దాన్ని వాడ అంటారు, అందులో బండి విప్పాలంటే పాత పట్టీ చూపాలి. అది సేటు పెట్టిన కట్టుబాటు. సరుకు అమ్మినప్పుడు ధర, తూకం, కోతలు రాసి, దుకాణం ముద్ర వేసి రైతుకిచ్చే బిల్లు ఆ పట్టీ. అది ఉన్నవాడే "మన ఆసామి". వాడికే వాడలో నీళ్లు, ఎడ్లకు గంజి, పండుకోను చాప. లేనివాడు రోడ్డు మీద విప్పుకోవాలి. రైతు ఇంకో ఆడ్తికి జారిపోకుండా వేసిన పగ్గమది. అందుకని రైతులంతా ఆ కాగితాన్ని మడిచి, నడుముకు కట్టిన సంచిలో పొగాకు పక్కన పెట్టుకుని తెచ్చేవాళ్లు. జాన్ సాహెబ్ కూడా వాకిట్లో హమాలీకి చూపి, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు.

ఎండెక్కినాక కొనేవాడొచ్చాడు. గుప్పెడు కాయలు తీసి విరిచాడు, వాసన చూశాడు, మొహం చిట్లించాడు. మొహం చిట్లించకుండా కొన్నవాడు బజారులో ఇంతవరకు పుట్టలేదు. తర్వాత సేటూ అతనూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకున్నారు. ధర నోటితో చెప్పరు, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. సరుకుగల ఆసామి ఎదురుగా కూర్చుని తువ్వాలు కదలడం చూడాలి. తన ఇంటి పిల్ల పెళ్లిని కిటికీలోంచి చూసినట్టు.

తువ్వాలు తీశారు. "మణుగుకు ఇరవై అయిదు" అన్నాడు సేటు.

ఇరవై అయిదో, ఇరవై ఏడో, తువ్వాలుకే తెలుసు. కాటా వేశారు. గోనెల బరువు పోను ఆరు మణుగులు తేలింది. నూట యాభై. జాన్ సాహెబ్ మనసులో కోతలు తీసేసుకున్నాడు. కమిషన్ ఆరు రూపాయలు. హమాలీ, తూకం కూలి, గోశాల ధర్మం కలిపి రూపాయిన్నర. నూట నలభై రెండున్నర మిగలాలి. ఎద్దు పోను, పెండ్లాం నూర్‌బీకి జెర బెల్లం సుత కొనొచ్చు. పోయినేడు ఇంకో కోత ఉండేది, కానీ దాన్ని వసూలు చేయించినవాళ్లు ఊళ్లొదిలి పోయారు గనుక ఆ కోత కూడా పోయిందనుకున్నాడు. పాపం, మనుషులు పోతే కోతలు పోతాయనుకున్నాడు!

గుమాస్తా సామ్యూల్ పట్టీ రాసి చదివాడు. లాలాగూడ మనిషి, ముత్యాల్లాంటి దస్తూరీ. ఏం రాస్తున్నాడో పట్టించుకోకుండా అందంగా రాయడం అతనికి అబ్బింది.

"...కమిషన్ ఆరు. హమాలీ పన్నెండణాలు. తూకం ఆరణాలు. గోశాల ఆరణాలు. ఫౌజు స్వాగత చందా తొమ్మిది. పోను నూట ముప్పై మూడు రూపాయల ఎనిమిదణాలు."

"ఆగు సారూ," అన్నాడు జాన్ సాహెబ్. "గదేంది, తొమ్మిది?"

"బస్తాకు రూపాయిన్నర," అన్నాడు సామ్యూల్ తలెత్తకుండా.

"ఫౌజొచ్చి ఆర్నెల్లాయె. ఇంకా స్వాగతమేంది?"

గద్దె మీద సేటు రుమాలు దించాడు. "స్వాగతం ఒక్కరోజు చేస్తారా జాన్ సాబ్? బజారుకు శాంతి కమిటీ పెట్టినం, ఖజాంచీని నేనే. నాకేం మిగుల్తదనుకున్నవా? ఇధర్ సే లియా, ఉధర్ దియా. ఈడ తీస్కున్న, ఆడిచ్చిన. నా పట్టీల ఏదీ దాచ. ఏ పైసా ఎందుకు కోసిన్నో పేరు పెట్టి రాయిస్త. ఇంకో ఆడ్తికి పో, 'చిల్లర ఖర్చు' అని రాసి మింగుతరు."

"నా ఎద్దు పోతది సేట్. నూట నల్బై లేకుంటే జిలానీ ఇయ్యడు. ఈ ఒక్క కోత ఇడిసిపెట్టు."

"నీకిడిస్తే అందరికీ ఇడవాలె." వాడలో పట్టీల కోసం కూర్చున్న పదిమంది వైపు చెయ్యి చూపాడు సేటు. వాళ్లలో రోసమ్మ లేచి నిలబడింది. మూడు బస్తాల మనిషి, మొగుడు పోయినా సేద్యం ఒదలనిది.

"ఇడువుండ్రి మరి," అంది. "మేం ఒద్దంటిమా?"

"నువ్వు కూసోవే!" అన్నాడు సేటు. తర్వాత జాన్ సాహెబ్ వైపు వంగాడు. గొంతు తేనెలా చేశాడు, కానీ అందరికీ వినపడేటట్టే అన్నాడు. "నీ మంచికే చెప్తున్న. నీ పేరేంది, నీ టోపేంది, రోజులెట్లున్నయి? తాలూకాల రజాకార్ల పేర్లు రాసుకుంటున్నరు. నాలుగు మాటలు నాసొంటోణ్ణి అడుగుతరు. 'మనోడే, చందా ఇచ్చిండు' అనాలంటే నా చేతిల ఏదన్నా ఉండాలె గద? ఫలానోడు ఇయ్యనన్నడు అంటే ఏమైతదో ఎరికేనా?"

జాన్ సాహెబ్‌కు పక్క ఊరు గుర్తొచ్చింది. అక్కడ రజాకార్లని పోలీసులు పట్టుకుపోయిన ఇద్దరు ఇంకా రాలేదు. ఎద్దు సంగతి దేవుడెరుగు, ముందు ఇల్లు చేరాలి. "సరే తియ్యి" అనే మాట నాలుక మీదికొచ్చింది. వేలిముద్ర వెయ్యడానికి చెయ్యి కూడా చాపాడు.

వేలికి పొగాకు అంటుకుని ఉంది. తుడుచుకుందామని సంచిలో చెయ్యి పెడితే మడిచిన కాగితం తగిలింది.

తీశాడు. విప్పాడు. అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు, అంతకు మించి రాదు. చదవాల్సిన పని కూడా లేదు. ఆ కోత ఏ వరసలో ఉందో ఏడాది పొడుగునా కడుపులో గుర్తుంది. దాన్ని గుమాస్తా ముందు పరిచాడు.

"సారూ, ఈడ జెర చదువు. పోయినేటిది. నీ దస్తూరీయే."

సామ్యూల్ చూశాడు. దగ్గాడు. మిర్చి ఘాటు దగ్గు కాదది.

"చదువుండ్రి సారూ," అంది రోసమ్మ. "చదువుకున్నోళ్లు గద!"

"బస్తాలు అయిదు," అన్నాడు సామ్యూల్. "రజాకార్ చందా... ఏడు రూపాయల ఎనిమిదణాలు."

"బస్తాకెంత?"

"...రూపాయిన్నర."

"ముద్ర ఎవలది?"

సామ్యూల్ సేటు వైపు చూశాడు. సేటు జెండా వైపు చూశాడు. జెండా ఏం చేస్తుంది, అది మేకుకు వేలాడుతోంది.

"నేను రజాకారునైతే," అన్నాడు జాన్ సాహెబ్, "ఏడున్నర ఇచ్చిన రజాకారును. నువ్వు నా తాన తీస్కున్న రజాకారువు. నా తాన ఒక్క పట్టీ ఉంది సేట్. నువ్వెన్ని రాపిచ్చినవ్?"

"అప్పుడు బలవంతం!" అని అరిచాడు సేటు. "గొంతు మీద కత్తి పెట్టి అడిగిన్రు. నేనేం జేసేది?"

"ఇప్పుడెవలు పెట్టిన్రు కత్తి? ఫౌజోళ్లొచ్చి అడిగిన్రా, బస్తాకు రూపాయిన్నరని? రేటు సుత ఎక్వతక్వ లేకుండ?"

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. రోసమ్మ కొంగు ముడి విప్పింది. "నాది సుత ఉన్నది" అని పట్టీ తీసింది. ఆమె పక్కన ముసలాయన రొంటిలోంచి తీశాడు. ఇంకొకడు తలపాగాలోంచి. వాడలో విప్పిన ప్రతి బండికీ ఒక కాగితముంది. ఉండి తీరాలి మరి, లేకుంటే సేటు బండి విప్పనివ్వడు. పోయినేడు తాను చేసిన సేవకు, పేరు పెట్టి, లెక్క రాయించి, ముద్ర గుద్ది, ఇంటింటికీ పంచి, ఈయేడు మరిచిపోకుండా వెంట తెచ్చుకోమన్న మొనగాడు మల్లినాథం సేటు. దొంగలు ఆనవాళ్లు చెరుపుకుంటారు. ఈయన ఆనవాలు లేనివాణ్ణి వాకిట్లోకే రానియ్యలేదు.

"తాలూకాల పేర్లు రాసుకుంటున్నరంటివి," అన్నాడు తలపాగా ఆసామి. "మేం బోయి రాపియ్యాల్నా?"

సేటు సెంటు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. నిమిషంలో అతని మొహం మీద ఇంకో మొహం మొలిచింది. ఇటువంటివాళ్ల దగ్గర మొహాలు బస్తాల్లో ఉంటాయి. "అరె, ఏందయ్యా ఇది! ఇంట్లోళ్లం గాదూ మనం? సామ్యూలూ, ఎవరు రాయమన్నరయ్యా నిన్ను? కొట్టేయ్ ఆ చందా. అందరి పట్టీల్లో కొట్టేయ్!"

ఎవరు రాయమన్నారో సామ్యూల్‌కు తెలుసు. అయినా "పొరపాటైంది సార్" అన్నాడు. ఆ అందమైన దస్తూరీకి జీతమిచ్చేది అందుకే. తొమ్మిది మీద గీత గీసి, కింద నూట నలభై రెండు రూపాయల ఎనిమిదణాలని రాశాడు. జాన్ సాహెబ్ రూపాయలు ఒక్కొక్కటీ రాతిబండ మీద మోగించి చూసి సంచిలో వేసుకున్నాడు. పొద్దు ఇంకా ఉంది. బన్సీలాల్‌పేట నడిస్తే ఎంతసేపు?

"జాన్ సాబ్," అన్నాడు సేటు, గద్దె దిగి దగ్గరికొచ్చి. రైతు కోసం అతను గద్దె దిగడం ఆ వాడ అంతవరకు చూడలేదు. "ఆ పాత పట్టీ ఈడ పెట్టి పో. మీరందరు సుత. పాతవి దేనికి, చింపేస్త. కాగితానికి రెండు రూపాయలిస్త, పో."

"రెండు రూపాయలకా?" అని నవ్వాడు జాన్ సాహెబ్. "దాంట్ల కమిషనెంత? మోసినందుకెంత? తూకమెంత? గోశాలకెంత? అన్నీ కోస్తే నేనే నీకు బాకీ పడత సేట్."

"అయిదిస్త!"

జాన్ సాహెబ్ కాగితాన్ని పాత మడతల మీదే మడిచాడు. పొగాకు పక్కన పెట్టి సంచి ముడి బిగించాడు.

"ఇది లేకుంటే వచ్చేడు నా బండి ఇప్పనియ్యవు గద," అన్నాడు. "నీ కట్టుబాటే."

రోసమ్మ తన పట్టీని కొంగున ముడేసుకుంది. సేటు తుమ్మాడు. ఈసారి ఆ తుమ్మును ఎవరి ఖాతాలోనూ రాయలేదు.