ఇంకా దొరకనివి

వెబ్‌సైటువాళ్ళను అడిగితే కాదంటారని ల్యాబులో సీనియర్ ముందే తేల్చేశాడు.

"ఎవరైనా చూడగలిగే పేజీలేగా తల్లీ! వాటిని కాపీ చేసే స్క్రిప్టు నడిపితే సాయంత్రానికి డేటా చేతిలో ఉంటుంది. నువ్వే వెళ్ళి తలుపు తట్టి, పొమ్మనిపించుకుంటానంటావేంటి?"

ఆమె వింటేగా! తప్పిపోయిన పెంపుడు జంతువులు ఎన్నాళ్ళకు దొరుకుతాయన్నది ఆమె పరిశోధన. తన పిల్లి పోయినప్పటినుంచి ఆ ప్రశ్న ఆమెను వదలడం లేదు. ఊళ్ళోవాళ్ళంతా ప్రకటనలు పెట్టే వెబ్‌సైటు ఒక్కటే ఉంది. అది కాదంటే ప్రాజెక్టు అటకెక్కినట్టే. సీనియర్ ఆ పేజీలు పైపైన తిరగేసి, పోయినవి తిరిగిరావని అప్పుడే పేపరుకు శీర్షిక కూడా పెట్టేశాడు. అది చదివినప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండేది.

సైటు నడిపే ఆవిడకు రాసిన మొదటి మెయిలు కోర్టు నోటీసులా తయారైంది. కొట్టేసి, మనిషికి రాసినట్టు మళ్ళీ రాసింది. తానెవరో, గైడెవరో చెప్పింది. జంతువు, తేదీ, పేట మాత్రమే తీసుకుంటానంది. పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు ముట్టుకోనంది. సైటు మీద భారం పడకుండా స్క్రిప్టు ఆగి ఆగి నడుస్తుందనీ, వద్దంటే తీసుకున్నది కూడా చెరిపేస్తాననీ రాసింది.

జవాబు రాలేదు. సీనియర్ కనుబొమలు ఎగరేశాడు. ఆమె మర్యాదగా ఇంకోసారి గుర్తుచేసింది.

మర్నాడు ఫోనే వచ్చింది. వెనకాల కుక్కల గోల. పశువుల ఆస్పత్రి కౌంటర్లో పనిచేస్తూ తీరిక దొరికినప్పుడు సైటు చూసుకుంటుందట ఆవిడ.

"అడక్కుండా తోడుకుపోయేవాళ్ళనే చూశానమ్మా, ఇలా అడిగింది నువ్వే. తీసుకో. కానీ అక్కడ నీకు కనిపించేవన్నీ ఇంకా దొరకనివే."

"అంటే... మేడమ్?"

"దొరికిందని చెప్పగానే ప్రకటన తీసేస్తాను. లేకపోతే ఆ నంబర్లకి పనిలేనివాళ్ళంతా ఫోన్లు చేసి ప్రాణం తీస్తారు."

అప్పుడర్థమైంది ఆమెకు. అడక్కుండా తోడుకుని ఉంటే, దొరికినవాటినన్నింటినీ వదిలేసి, ఊరంతటికీ ఆశ లేదని రాసేసేది.

"తీసేసినవి నా దగ్గర వేరే ఉన్నాయి, చాలానే," అందావిడ. "పేర్లూ నంబర్లూ చెరిపేసి, పోయిన తేదీలూ దొరికిన తేదీలూ పంపిస్తాను. రెండూ కలిపి చూసుకో."

పక్కనే వింటున్న సీనియర్ తన శీర్షిక చెరిపేశాడు. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది.

"ఇంకోమాటమ్మా. నీ మెయిలు అడ్రసు ఎక్కడో చూశానే అనుకున్నా. తెల్లపిల్లి, ఒక చెవి నలుపు. నువ్వు పెట్టిందేనా?"

"నేనే మేడమ్."

"చాలా పాతదైపోయింది. తీసెయ్యమంటావా?"

చాలానే దొరికాయన్న మాట ఇంకా ఆమె చెవిలోనే ఉంది.

"ఉంచండి," అంది. "ఇంకా వెతుకుతున్నాను."