గుట్ట మీద రెండు గదులు, గోల లేదు

మా ఊళ్లో ఫంక్షన్ హాళ్లన్నీ ఇంద్రభవనాలే, ప్లాట్ల వెంచర్లన్నీ భూలోక స్వర్గాలే. వాటి గురించి రాసేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. ఖలీల్‌వాడిలో ఓ మెడికల్ షాపు పై గదిలో కూచుని బ్రోచర్లు, ప్రకటనలు, ఆన్‌లైన్ లిస్టింగులు రాస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ "కొంచెం పెంచి రాయి స్నేహలతా" అంటారు. ఉన్నది ఉన్నట్టు రాయమని వచ్చింది నాగకుమారి గారొక్కరే. నిజం చెప్పాలంటే మొదట నాకు ఒళ్లు మండింది.

వాళ్లది వర్ని దగ్గర క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి, కాలవ కింద వరి వేసుకుని స్థిరపడిన కుటుంబం. ఆవిడ భర్త పున్నయ్య గారు జీవితమంతా రైస్ మిల్లు నడిపారు. మిల్లు వదిలేశాక ఇంట్లో ఆయనకు నిద్ర పట్టేది కాదు. పక్కింటి మోటారు, రోడ్డు మీద హార్వెస్టరు, ఏ యంత్రం మోగినా మిల్లేనేమోనని లేచి కూచునేవారు. అందుకని సిరికొండ దాటాక అడవి అంచున ఓ గుట్ట మీద కొంచెం నేల కొని, రెండు గదులు, ముందు వసారా వేసి పెంకులు కప్పించారు. అక్కడ ఆయన చంటిపిల్లాడిలా నిద్రపోతారట. ఆ ఇంటి ఖర్చులు గడవాలంటే ఒక గదిలో పున్నయ్య గారు ఉండి, రెండో గదికి అతిథులు రావాలి.

ఆ ఇంట్లో ఆవిడ అక్క కొడుకు సతీష్‌బాబుకీ వాటా ఉంది. గదులు బుక్ చేసుకునే సైటులో లిస్టింగు పెట్టింది అతనే. ఆవిడ ఫోను నా ముందు పెట్టారు. చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. 'ప్రకృతి ఒడిలో లగ్జరీ రిసార్ట్. సంపూర్ణ నిశ్శబ్దం.' సౌకర్యాల్లో స్విమ్మింగ్ పూల్‌కీ వైఫైకీ టిక్కు పెట్టాడు.

"పూల్ ఎక్కడుంది ఆంటీ?"

"బోరు కింద సిమెంటు తొట్టి ఉందమ్మాయ్. గేదెలు నీళ్లు తాగుతాయి."

"గేదెల తొట్టిని పూల్ అని ఎట్ల పెట్టిండు?"

"మా క్యాంపు పిల్లలందరూ ఈత నేర్చుకున్నది అలాంటి తొట్లలోనే. వాడి దృష్టిలో అది పూలే. వైఫై అంటే వాడి ఫోన్లో ఉంది కదా అనుకున్నాడు. వాడు అబద్ధమాడలేదమ్మా, వాడికి తెలిసింది రాశాడు."

వచ్చిన అతిథులు మాత్రం అలా అనుకోలేదు. 'పూల్‌లో గేదె ఉంది' అని ఒకరు, 'నిశ్శబ్దమన్నారు, చీకటి పడ్డాక చుట్టూ డబ్బాలు వాయిస్తూ అరుపులు' అని ఇంకొకరు రివ్యూ రాసి, రేటింగు చుక్కలు తెగ్గోశారు. చుక్కలు తగ్గిన ఇల్లు సైటులో వెనక్కి పోతుంది, అంతగా వెనక్కి వెళ్లి వెతికేవాళ్లు ఉండరు.

"వాళ్లు రాసింది నిజమే కదా, వాళ్లనేమంటాం" అన్నారు ఆవిడ. "దసరాలోపు మనుషులు రావడం మొదలు కాకపోతే ఇల్లు లీజుకిస్తానని సతీష్‌కి మాటిచ్చాను. టౌనులో పార్టీలు చేయించే ఆయన అడుగుతున్నాడు. లాను వేస్తాడట, డీజే పెడతాడట. మాటిచ్చాక తప్పను. మీ అంకుల్ మళ్లీ క్యాంపులో ఆ మోటార్ల మోత మధ్యకి రావాల్సిందే."

అప్పటికి శ్రావణం వెళ్లిపోతోంది. దసరా ఎంతో దూరం లేదు.

ఇల్లు చూడనిదే రాయనని చెప్పి మర్నాడు ఆవిడతో బస్సెక్కాను. నిజంగా బాగుంది ఆ చోటు. వసారాలో కూచుంటే టేకు ఆకుల మీద గాలి కదలడం వినిపిస్తుంది. ఏసీ లేదు. గీజరు లేదు, కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి ఇస్తారు. సిగ్నల్ కావాలంటే గేటు దాకా నడవాలి. అంజవ్వ అనే ఆమె జొన్న రొట్టెలు, పప్పు చేసిపెడుతుంది, అంతకుమించి అడిగితే "నాకు రాదు బిడ్డా" అంటుంది. పున్నయ్య గారు మంచం మీద గుర్రు పెడుతున్నారు.

పొద్దు వాలగానే కింద చేన్లలోంచి డబ్బాల మోత మొదలైంది. ఒకరు కేక వేస్తే ఇంకో మంచె మీంచి ఇంకొకరు. గుట్ట కిందంతా మక్క చేన్లు, అంటే మొక్కజొన్న. కంకి పాలు పోసుకునే వేళ అడవి పందులు దిగుతాయి, అందుకే కాపలా.

అక్కడే మాకు పేచీ వచ్చింది.

"ఆంటీ, మక్కలు కోసేదాంక క్యాలెండర్ల తేదీలు మూసేద్దాం. ఎవ్వరికి దొరకదు. తర్వాత తెరుద్దాం."

"కోత అయ్యేసరికి దసరా వస్తుంది. లీజు కాగితం మీద సంతకం పెట్టేస్తాను."

"అట్లయితే డబ్బాల ముచ్చట రాయద్దు. గంతే."

బైక్ మీద మా వెనకే వచ్చిన సతీష్‌బాబు ఇంకో ఉపాయం చెప్పాడు. కింద మొదటి చేను ఆత్మారాంది. అతిథులున్న రాత్రుళ్లు అతన్ని చప్పుడు చెయ్యొద్దంటే సరిపోతుందన్నాడు. అప్పుడే పైకి వచ్చిన ఆత్మారాం కూడా తల ఊపాడు.

"అమ్మ చెప్తే కాదంటనా? గా రెండు రాత్రులు సప్పుడు చెయ్య. ఏమైతదో సూద్దాం."

"ఏమవుతుందో నాకు తెలుసు ఆత్మారాం" అన్నారు నాగకుమారి గారు. "పందుల మంద ఒక్కసారి దిగితే తెల్లారేసరికి చేను ఉండదు. నా ఇంట్లో ఎవరో హాయిగా పడుకోవడానికి నీ పంట పోవాలా? నువ్వు వాయించు. గట్టిగా వాయించు."

సతీష్‌బాబు మొహం ముడుచుకుని బైక్ తీశాడు. మునిగిపోయే పడవలో కూచుని పక్కవాడి చెప్పులు తడవకుండా చూసే మనిషిని ఏమనాలి? తిక్క అనాలనిపించింది. కానీ ఆ పూటే ఆవిడ మీద నాకు గౌరవం పుట్టింది.

ఇద్దరం వసారాలో కూచుని రాశాం. 'సంపూర్ణ నిశ్శబ్దం' కొట్టేయించారు. "నిశ్శబ్దం ఎక్కడుంటుందమ్మాయ్? కప్పలుంటాయి, నెమళ్లుంటాయి. మనుషులు చేసే గోల లేదు అని రాయి." 'లగ్జరీ' పోయింది. 'ఒడి' నేనే తీసేశాను, సిగ్గేసి. పూల్, వైఫై టిక్కులు తీసేశాం. చివరికి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎక్కిన మాటలివి:

'గుట్ట మీద రెండు గదులు. ఒకటి మీకు, రెండోదాంట్లో మా ఆయన ఉంటారు, ఎక్కువ మాట్లాడరు. ఫ్యాను ఉంది, ఏసీ లేదు. వేడి నీళ్లు అడిగితే కాచి ఇస్తాం. ఇంట్లో ఫోను సిగ్నల్ అందదు, గేటు దగ్గర అందుతుంది. రొట్టె, పప్పు, పెరుగు ఉంటాయి. చూడ్డానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. వాహనాల రొద, మైకులు లేవు. అయితే మక్క కోతల దాకా చీకటి పడ్డాక కింద చేన్లలో డబ్బాలు మోగుతాయి, కేకలు వినిపిస్తాయి. రైతులు పందుల నుంచి పంట కాపాడుకుంటున్నారు. ఆపమని మేము అడగం. తేలిగ్గా మెలకువ వచ్చేవాళ్లు కోతలయ్యాక రండి.'

ఇన్నేళ్లలో నేను ఇంత తక్కువ విశేషణాలతో ఎప్పుడూ రాయలేదు. చదువుతుంటే మాత్రం ఆవిడే ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టుంది.

పెట్టాక ఏమైంది? ఏమీ కాలేదు. టిక్కులు తీసేయడంతో వైఫై కావాలని, పూల్ కావాలని వెతికేవాళ్లకు మా ఇల్లు కనిపించడమే మానేసింది. రోజూ తెరిచి చూసేదాన్ని. చూసిపోయినవాళ్లు వేళ్ల మీద లెక్క. సతీష్‌బాబు ఫోన్ చేసి, "అక్కా, మీరు రాసింది లిస్టింగా, రావొద్దని హెచ్చరికా?" అన్నాడు. బతుకమ్మ పువ్వులు మార్కెట్లోకి వచ్చేశాయి.

అప్పుడొచ్చింది ఓ మెసేజ్. పేరు బిందుమాధవి, హైదరాబాదులో ఏదో ఆసుపత్రి ఐసీయూలో నర్సు. ఒక్కటే ప్రశ్న: 'ఆ కేకలు వేసేవాళ్లు రాత్రంతా ఉంటారా?' నాగకుమారి గారు గేటు దగ్గర నిలబడి ఫోనులో చెప్పి నా చేత జవాబు కొట్టించారు: 'ఉంటారు. తెల్లవార్లూ.' అయిపోయింది అనుకున్నాను. కాసేపటికి బుకింగ్ వచ్చింది.

ఆ అమ్మాయి వచ్చిన మర్నాడు నేనూ వెళ్లాను. ఎలా పడుకుందో చూడాలని ఆగలేకపోయాను. వసారాలో టీ తాగుతోంది, కళ్ల కింద ఉబ్బు తగ్గలేదు గానీ మొహం తేటగా ఉంది.

"నిద్ర పట్టిందా?" అన్నాను.

"డ్యూటీలో ఏ మెషిన్ ఎప్పుడు మోగుతుందో, ఎందుకు మోగుతుందో అని ప్రాణం గుప్పిట్లో ఉంటుందండీ. ఇంటికెళ్లినా చెవుల్లో అదే. ఇక్కడ మోగేది ఎందుకో ముందే చదువుకుని వచ్చాను కదా. ఎవరో మేలుకుని కాపలా కాస్తున్నారు, ఇక నేను మేలుకోనక్కర్లేదు అనుకున్నాను. తొమ్మిదింటికే పడిపోయాను."

నాగకుమారి గారు చెంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయారు.

సరిగ్గా అప్పుడే గుట్ట ఎక్కుతున్న కారు చప్పుడు. సతీష్‌బాబు ఆ పార్టీల ఆయన్ని తీసుకొచ్చాడు. గడువు దగ్గరికొచ్చింది కదా, స్థలం చూసుకోవాలట. దాంతో సరిపెట్టక ఆయన డిక్కీలోంచి ఓ పెద్ద స్పీకరు దించాడు. గుట్ట మీద సౌండు ఎంత దూరం పోతుందో చూస్తాడట.

నాగకుమారి గారు బయటికొచ్చారు. "పెట్టకండి. గెస్టు ఉన్నారు."

"ఒక్క మనిషే గదా మేడం. ఒక్క పాట, రెండు నిమిషాలు."

"మైకులు లేవని రాసిచ్చాం. అది చదివే వచ్చిందా అమ్మాయి."

"పర్లేదండీ" అంది బిందుమాధవి, ఇబ్బందిగా లేస్తూ.

"నువ్వు కూచోమ్మా. నీకు పర్లేదేమో, నాకు పర్లేదనుకోవడం కుదరదు." ఆవిడ సతీష్ వైపు తిరిగారు. "నీకిచ్చిన మాట నేను మరిచిపోలేదురా. దసరా దాటగానే సంతకం పెడతాను. కానీ ఇవాళ ఈ ఇల్లు ఆ అమ్మాయిది. ఆ రాత చదివి వచ్చినవాళ్లు ఉన్నన్నాళ్లూ ఈ గుట్ట మీద పాట మోగదు."

పార్టీల ఆయన నవ్వి వైరు అందుకున్నాడు. సతీష్‌బాబు పిన్నిని చూశాడు, బిందుమాధవిని చూశాడు, తెరిచిన తలుపులోంచి మంచం మీద పడుకున్న బాబాయిని చూశాడు. తర్వాత వెళ్లి పార్టీల ఆయన చేతిలోంచి వైరు తీసుకుని చుట్టాడు. స్పీకరు తనే ఎత్తి డిక్కీలో పెట్టాడు.

"మీరు వెళ్లండి సార్. నేను తర్వాత బస్సులో వస్తా."

"మరి మన మాట?"

"అది మా పిన్ని నాకిచ్చిన మాట. నేను వదిలేసుకుంటున్నా."

ఆయన గొణుక్కుంటూ కారెక్కాడు. ఆ సీజనంతా ఇల్లు కిటకిటలాడిందని చెప్పను, అలా రాసే మనుషులు వేరే ఉన్నారు. బిందుమాధవి రివ్యూ చూసి ఇంకొందరు వచ్చారు, మిగిలిన రోజులు ఖాళీగానే ఉన్నాయి. కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ పూట కారు గుట్ట దిగగానే నాగకుమారి గారు వసారా మెట్టు మీద కూలబడ్డారు.

సతీష్‌బాబు తల గోక్కుంటూ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, దాంట్లో ఇంటి నియమాలని ఒక గడి ఉంటుంది కదా. ఖాళీగా ఉంది. ఒకటి రాయండి."

"చెప్పు."

"స్పీకర్లు తీసుకురావద్దు." కొంచెం ఆగి, పిన్ని వైపు చూడకుండా అన్నాడు: "ఇంటివాళ్లు కూడా."