సెమ్మెలకు పట్టిన మెరుపు

ఫోను మోగేసరికి అనిల బియ్యం కడుగుతోంది. తడి వేలితోనే పచ్చగుర్తు నొక్కింది.

“కూర్చో, కూర్చున్నంక చెప్త,” అన్నాడు మొగుడు భీమేష్.

“కూర్చున్న, చెప్పు,” అంది నిలబడే.

“అవ్వ సెమ్మెలు నీకిచ్చింది! కంచు చెంబు, ఇత్తడి గంగాళం గూడ. ఎల్లారెడ్డి నుంచి కార్ల ఏసుకొని బయలుదేరిన.”

అనిల అక్కడికక్కడే రెండు గంతులు వేసింది. బియ్యం కడుగు నీళ్లు చీర మీద చిందినా పట్టించుకోలేదు. పెళ్లై నిండా ఆరు నెలలు కాలేదు, కామారెడ్డిలో కొత్త ఫ్లాటులో చేరి నెల కాలేదు, అప్పుడే అత్తగారింటి దీపాలు తన గడప తొక్కుతున్నాయి! మోకాలెత్తు ఇత్తడి దీపపు సెమ్మెలు, జత. భీమేష్ అవ్వ, అత్తమ్మ సత్యమ్మకు తన అత్త నుంచి వచ్చినవి. ఎల్లారెడ్డి ఇంట్లో వాటిని శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమి వెలిగించేది మాత్రం పెద్ద కోడలు సుకన్య. ఆ సంగతి అనిలకు తెలుసు. సంతోషం తలకెక్కినప్పుడు తెలిసినవన్నీ గుర్తుండవు.

వారం తిరిగేసరికి హాలు మారిపోయింది. వడ్లాయనను పిలిపించి గోడ పొడవునా అద్దాల బీరువా కట్టించింది. అరకొక్క చిన్న లైటు. సెమ్మెలు నడుమ, గంగాళం కింద, చెంబు పైన. చెంబుకు రెండు పక్కలా నిర్మల్ బొమ్మలు, వెనక తన పెద్దవ్వ నాటి వెదురు చాట. ఒక్కోదాని ముందు ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ: ‘కంచు చెంబు, ఎల్లారెడ్డి’.

ఇత్తడి నల్లబడకుండా ఉండాలని అంగట్లో వార్నిష్ స్ప్రే కూడా కొన్నది. మంట తగిలే వస్తువులకు కొట్టొద్దని డబ్బా మీదనే రాసుంది. చదివింది కూడా. ‘పూజకు వెండి కుందులున్నాయి కదా, వీటిని ఎవరు వెలిగిస్తారు’ అని తనకు తానే సర్దిచెప్పుకుని రెండు సెమ్మెలకూ నిండుగా కొట్టింది. గంగాళం దగ్గరికి వచ్చేసరికి డబ్బా అయిపోయింది. గంగాళం, చెంబు అట్లా బతికిపోయాయి. సెమ్మెలు మాత్రం అద్దంలా మెరిశాయి. ఆ రోజంతా వాటి ముందు నుంచి ఎన్నిసార్లు నడిచిందో.

శ్రావణ శుక్రవారం నాడు సత్యమ్మ, సుకన్య ఎల్లారెడ్డి నుంచి వచ్చారు. సాయంత్రం పసుపు కుంకుమకు పక్క ఫ్లాటుల ఆడవాళ్లను పిలిచింది అనిల. వచ్చినవాళ్లు సోఫాల్లో కూర్చోలేదు. బీరువా ముందు వరుసగా నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చీటీలు చదివారు. గుసగుసగా మాట్లాడుకున్నారు.

“చెల్లె, టికెట్ ఎంత పెట్టినవ్?” అంది సుకన్య. “పిల్లలకు సగమేనా?”

అందరూ నవ్వారు. అనిల కూడా నవ్వింది గానీ చెవులు వేడెక్కాయి.

సత్యమ్మ దాహమంది. అనిల స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. ఆమె చూపు బీరువాలోని చెంబు మీదికి పోయింది. పెళ్లైన నాటి నుంచి ఆమె నీళ్లు తాగింది ఆ చెంబుతోనే. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి పక్కన పెట్టింది.

“పొద్దుగుంకుతుంది బిడ్డా, దీపం పెడదాం,” అని తనే అద్దం తలుపు జరిపి, ఒక సెమ్మెను బయటికి తీసి ముగ్గు మీద పెట్టింది. వత్తి వేసింది. నూనె పోసింది.

వద్దనాలి. ఎందుకని అడిగితే చెప్పాలి. ఇంతమంది ముందర ఏమని చెప్పడం? ఆలోచించేలోపే అగ్గిపుల్ల గీసింది సత్యమ్మ.

వత్తి చక్కగానే అంటుకుంది. కాసేపటికి మంట కింది ఇత్తడి మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. పసుపురంగు గోధుమరంగైంది. కిటికీలకు రంగులేసినప్పటి వాసన, దాని మీద కాలిన ప్లాస్టిక్ వాసన హాలంతా కమ్మింది. ముత్తైదువలు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

సత్యమ్మ గబుక్కున దీపం కొండెక్కించి, పూజ దగ్గరి వెండి కుంది తెచ్చి వెలిగించింది.

“నూనె కల్తీది తల్లీ, ఏమనుకోకుండ్రి,” అంది వాళ్లతో. “ఏరా భీమేష్, నువ్వే కదా తెచ్చింది? లచ్చిందేవిలాంటి పెండ్లానికి గిట్ల నూనెనా తెచ్చిపెట్టుడు?”

గుమ్మం దగ్గర నిలబడ్డ భీమేష్ వచ్చి నూనె సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు. “మంచిదేనే అవ్వా...” అన్నాడు నోట్లోనే.

అనిల కిందికి చూస్తూ తాంబూలాలు పంచింది. తన తప్పుకు మొగుడు తిట్లు తింటున్నాడు. తన పరువు కోసం అత్తమ్మ నేరాన్ని నూనె మీదికి నెడుతోంది. భూమి రెండుగా చీలితే బాగుండనిపించింది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక సుకన్య సెమ్మె ముందు చతికిలబడింది. చల్లారిన అంచును గోటితో గీకింది. పాల మీది మీగడలా సన్నని పొర లేచి వేలికి అంటుకుంది. ఆమె ఆ పొరను చూసింది, తలెత్తి అనిలను చూసింది. ఒక్క మాటంటే చాలు. అనలేదు. కొంగుకు వేలు తుడుచుకుంది.

ఆ ఊరకుండటమే అనిలను కాల్చేసింది.

“ఆ సీసా పారబొయ్యి భీమేష్,” అంటోంది సత్యమ్మ.

“నూనె మంచిదే అత్తమ్మా,” అంది అనిల. “నేనే వార్నిష్ కొట్టిన. తోమే పని ఉండదని. మంటకు పనికిరాదని డబ్బా మీద ఉన్నది. చదివే కొట్టిన.”

సత్యమ్మ సెమ్మె దగ్గరికి వచ్చి, పొర లేచిన అంచును తడిమింది. “తోముకునే ఓపిక లేకుంటే చెప్పొద్దా బిడ్డా? కొత్తిల్లు, దీపం లేకుండ ఉండొద్దని నీకిస్తి. ఈ పెద్దపిల్ల పదేండ్ల సంది తోమింది. అడిగినా దానికియ్యకపోతిని.”

ఆమె కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. అనిల కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడింది.

“అక్కకే ఇయ్యిండ్రి అత్తమ్మా.”

“మంచిగున్ననాడు నీకు, కంపు కొట్టిననాడు నాకా?” అంది సుకన్య. “తెలివి బాగనే ఉన్నది చెల్లె.”

భీమేష్ ఫక్కున నవ్వి, తల్లి చూపుకు నోరు మూసుకున్నాడు. అనిల ఫోను తీసి వార్నిష్ పొర తీసే ఉపాయం వెతకడం మొదలుపెట్టింది. చదివింది, మళ్లీ చదివింది. ఈసారి ఏ అక్షరమూ వదల్లేదు. తర్వాత బీరువా దగ్గరికి పోయి చీటీలన్నీ తీసేసింది. చెంబు కిందికి దించి కడిగి, నీళ్లు నింపి, అత్తమ్మ పక్కన పెట్టింది.

సత్యమ్మ చెంబెత్తి గటగటా తాగింది.

“గంగాళం బాల్కనీ తలుపు దగ్గర పెడత, నీళ్లు పోసి పూలేస్త,” అంది అనిల. “చాట వంటింట్లకు. బొమ్మలు రెండు చాలు, తతిమ్మావి లోపల దాస్త, పండుగలకు మార్చుకుంట.”

“మరి సెమ్మెలు?” అంది సుకన్య.

“రేపు పొద్దున్నే మరలు విప్పి, పెద్ద స్టీలు గిన్నెల నీళ్లు, వంటసోడా పోసి మరగబెడత. పొర ఊడొస్తదట. ఊడనిది మెత్తటి గుడ్డతోని రుద్దుత. ఆ తర్వాత చింతపండు పెట్టి తోముత, నువ్వు పక్కన కూర్చొని చూపియ్యాలె అక్కా. ఎండల ఆరినంక ఒడిల పెట్టుకొని మీతోనే ఎల్లారెడ్డి వస్త. రేపు పొద్దుగుంకేసరికి అవి మీ ఇంట్లనే, నీ చేతితోనే వెలగాలె.”