ఆనందం సమాధి దాటేటప్పుడు

కడప ఊరి బయట, విమానాల మైదానానికి తూర్పున ఒక శనక్కాయ చేను ఉంది. ఆ చేను పక్కనే, మొండిగోడ లోపల, క్రైస్తవుల సమాధులు. వాటిలో కొత్తది ఆనందం అనే కుర్రాడిది. విమానం నడపడం నేర్చుకుంటూ, పోయిన ఎండాకాలంలో ఆ మైదానం అంచునే పడి చనిపోయాడు.

అప్పటినుంచి విమానాల క్లబ్బు కుర్రాళ్ళకు ఒక అలవాటు పట్టుకుంది. నేల వదలగానే విమానం ముక్కు బాగా ఎత్తిపెట్టి, సమాధులు వచ్చేలోగా వీలైనంత పైకి పోయేవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. లేవి కూడా అంతే. ఆనందం, అతను ఒకే చర్చి పిల్లలు. ఒకే సైకిలు మీద ఈ మైదానానికి వచ్చేవాళ్ళు.

క్రిస్మస్ దగ్గర పడిన ఒక ఉదయం, నేర్పే బసవన్న సారు లేవిని నిలదీశాడు.

"ఏమప్పా, అరవై ఆరు మైళ్ళ వేగంతో ఎక్కమంటే యాభై ఎనిమిదితో ఎక్కుతాండావు. ఆడ నీకు అడ్డమేముండాది, కొండా?"

"ఏం లేదు సార్."

"అడ్డం ఉంటేనే యాభై ఎనిమిది. కొంచెం దూరంలోనే ఎత్తుకు పోవచ్చు. అడ్డం లేకుంటే అరవై ఆరు. నిమిషంలో ఎక్కువ ఎత్తు దొరికేది దాంతోనే. ఇంజను ఆగితే గాల్లో జారుకుంటా దిగేదానికీ రమారమి అదే వేగం. ముక్కెత్తుకొని నిదానంగా పోతాంటే ఇంజను ఆగిందనుకో, వేగం ఎంతసేపు నిలుస్తాది? సచ్చినోన్ని చూసి పరిగెత్తేది చాలించండి!"

లేవి విమానం వైపు నడిచాడు. ఆ రోజు ఒంటరిగా ఎగరాలి.

ఒంటరిగా ఎగిరేవాడు వెనక సీట్లో కూర్చోవాలి. ముందు సీటు సారుది. అది ఖాళీగా ఉన్నప్పుడు దాని పట్టీలు లేవి తనే బిగించి కట్టేవాడు, విమానాన్ని నడిపే అక్కడి కర్రకు తగులుకోకుండా. రెండు సీట్ల కర్రలూ కలిసే కదులుతాయి. తను లాగితే, ఎవరూ లేని ఆ సీట్లోనూ కర్ర వెనక్కి వస్తుంది. అటు చూడకుండా ఉండేవాడు. సారు మాటలు చెవికి చేర్చే రబ్బరు గొట్టం మరీ ఘోరం. ముందు సీటు దగ్గరున్న దాని నోట్లో గాలి దూరితే, చెవిలో ఎవరో గుసగుసలాడినట్టే ఉండేది.

ఆ రోజూ లేవి నేల వదలగానే, సారు తిట్లన్నీ మరిచి, ముక్కు ఎత్తేశాడు. వేగం చూపే ముల్లు యాభై ఎనిమిది దగ్గర నిలిచింది. రెండు వందల అడుగులు ఎక్కాడో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దం! రెక్కల మధ్య తీగల మీద గాలి చప్పుడు కూడా సన్నగిల్లుతోంది. ముల్లు యాభైకి జారింది. చేతిలో కర్ర వదులైపోయింది.

గొట్టంలో గాలి గుసగుసలాడింది. తిప్పు. వెనక్కి తిప్పు, లేవీ.

మైదానం వెనకే ఉంది. తిరిగితే చాలనిపించింది. ఆనందానికీ అలాగే అనిపించి ఉంటుంది. తన ఇంజనూ ఇలాగే ఆగినప్పుడు అతను తిరిగాడు. ఎత్తు చాలక, నేల దగ్గరవుతుంటే ముక్కు పైకి లాగాడు. ఒక రెక్క కుంగి, విమానం గిరగిర తిరుగుతూ పడింది.

లేవి కర్రను గట్టిగా ముందుకు తోశాడు. ముక్కు దిగింది. ఎదురుగా తెల్లగా ఆనందం సమాధి, దాని పక్కన ఒక మనిషి. అటే పోతున్నాడు. చేతులు కర్రను లాగమని మొరపెట్టాయి. లాగలేదు. ముల్లు అరవై దాటింది, అరవై ఆరుకు వచ్చింది. అప్పుడు మెల్లగా కొంచెం ఎడమకు, శనక్కాయలు పెరికేసిన చేను వైపు తిప్పాడు. పెట్రోలు మూశాడు, స్విచ్చులు ఆపాడు. గట్టు దాటాక, నేల బాగా దగ్గరయ్యాక మాత్రమే కర్రను లాగాడు. చక్రాలు మట్టిని కొట్టాయి. విమానం ఎగిరిపడి, కుంటుకుంటూ పోయి ఆగింది.

సమాధికి సున్నం కొడుతున్న కుంచెతోనే పరుగెత్తుకొచ్చింది ఆ మనిషి. వరమ్మ, ఆనందం తల్లి.

"లేవీ! దెబ్బ తగిలిందా నాయనా?"

"లేదు పెద్దమ్మా."

"నా నెత్తిన పడతాండాదనుకుంటి. అట్ల కిందికెందుకు దించితివి?"

"దించకుంటేనే పడతాము పెద్దమ్మా."

 కుంచె నుంచి సున్నం చుక్కలు ఎర్రమట్టిలో పడుతున్నాయి.

"మావాడు దించలేదా?"

లేవి తల అడ్డంగా ఊపాడు. "మైదానానికి వచ్చేయాలనుకున్యాడు."

"రావాలనే కదా," అంది వరమ్మ. తర్వాత, "రోజూ చూస్తాండా. ఈడికొచ్చేసరికి మీరంతా అట్ల పైపైకి పోతారే. వాడు మిమ్మల్నేం చేసినాడప్పా?"



విమానం బాగయ్యాక మళ్ళీ ఒంటరిగా ఎక్కాడు. ముల్లును అరవై ఆరు మీదే నిలిపాడు. సమాధి మునుపటికంటే దగ్గరగా, కాళ్ళకిందుగా వచ్చింది. గొట్టంలో గాలి లేచింది. తిప్పు, అంది. లేవి తిప్పలేదు, పారిపోనూ లేదు. సమాధి వెనకబడేదాకా వింటూనే ఎక్కాడు.