కత్తెర లేని ఎలుకలు

ఆరో ఎలుక కూడా రెండు నిమిషాలకే తిరిగే కడ్డీ మీంచి జారి పడింది.

ఆమె స్టాప్‌వాచీ నొక్కి, పడిన ఎలుకను చూడకుండా తలుపు వైపు చూసింది. తలుపుకున్న అద్దంలోంచి వరండాలో, అందరూ పెద్దన్న అని పిలిచే ఆయన కనిపిస్తున్నాడు. నీలం గౌను, మూతికి మాస్కు. పెట్టెల బండిని తోసుకుంటూ పోతున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ విభాగంలో ఎలుకల్ని సాకుతున్న మనిషి. తిండి, నీళ్లు, జత కట్టడం, పిల్లల్ని వేరు చెయ్యడం, చెవికి బెజ్జం వేసి ఆ చిన్న ముక్కను పరీక్షకు పంపడం, అన్నీ అతని చేతుల మీదే జరుగుతాయి.

అన్నీ అతని చేతుల మీదే. ఆ మాట ఇవాళ ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది.

ఆమెను అక్కడ అందరూ చిన్నమేడం అంటారు. పెద్దమేడం అంటూ ఎవరూ లేరు. అయినా ముప్పై నాలుగేళ్లు వచ్చినా ఆ ‘చిన్న’ మాత్రం ఊడలేదు.

ప్రయోగంలో పెద్ద మాయేమీ లేదు. ఒక జన్యువు ఉంది. అది నరాల కణాల్లో లేకపోతే ఏమవుతుందో చూడాలి. ఒళ్లంతా తీసేస్తే పిల్లలు కడుపులోనే పోతాయి. అందుకని ఆ జన్యువులో ముఖ్యమైన ముక్కకు అటూ ఇటూ లాక్స్ అనే రెండు గుర్తులు పెడతారు. గుర్తులున్నంత మాత్రాన జన్యువుకు ఏమీ కాదు, దాని పని అది చేసుకుపోతుంది. క్రే అనే కత్తెర వచ్చి రెండు గుర్తుల మధ్య ముక్కను తీసేస్తేనే అది చచ్చుబడుతుంది. ఆ కత్తెర నరాల కణాల్లో మాత్రమే తయారయ్యేలా ఏర్పాటు చేశారు.

అలాంటి ఎలుకను తిరిగే కడ్డీ మీద నిలబెడితే నిమిషం తిరక్కుండా పడిపోతుంది. మంచిదే. కానీ జన్యువు పోయినందుకే పడిందని లోకం ఎందుకు నమ్మాలి? అందుకే సాక్షులు కావాలి. కత్తెర ఉండి గుర్తులు లేనివి ఒక గుంపు. వాటికి ఏమీ కాకపోతే కత్తెర తనంతట తానుగా చెరుపు చెయ్యడం లేదని అర్థం. అవి బాగానే ఉన్నాయి, నాలుగు నిమిషాలు దాటి నిలబడ్డాయి. రెండో గుంపు గుర్తులుండి కత్తెర లేనివి. కోసేది లేదు కాబట్టి అవీ నిలబడాలి.

అవే పడుతున్నాయి. పద్నాలుగింట్లో ఆరు.

“ఎలుకలు తారుమారయ్యాయి, అంతే,” అన్నాడు ప్రొఫెసర్. ఆయన మాట ఎప్పుడూ తీర్పులాగే ఉంటుంది. “పెట్టెలు కడిగేటప్పుడు ఇటువి అటు పడేశాడు. లేదా చెవి ముక్కలు పంపేటప్పుడు గొట్టాలు మార్చాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి, చూశావా?”

“నాకూ అనుమానంగానే ఉంది సార్.”

“అనుమానం మూటగట్టి నాకేం ఇస్తావు? కాగితం ఇవ్వు. ఆయన కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. శుక్రవారం లోగా నువ్వు ఫిర్యాదు రాస్తే పొడిగించరు. ఇంకొకర్ని పెట్టుకుందాం.”

ఆ రోజు సోమవారం.

మంగళవారం పెద్దన్న భోజనానికి వెళ్లగానే ఆమె ఎలుకల గదిలోకి వెళ్లింది. తన గదిలో తానే దొంగలా పద్నాలుగు పెట్టెలూ దించి, ఒక్కో ఎలుక చెవికీ కొత్తగా బెజ్జం వేసి, ముక్కల్ని గొట్టాల్లో వేసి, నంబర్లు స్వయంగా రాసింది. సాయంత్రానికి పీసీఆర్ అనే జన్యు పరీక్ష ఫలితం జెల్ మీద గీతలుగా తేలింది.

పద్నాలుగింట్లో ఒక్కదాంట్లోనూ కత్తెర లేదు. పద్నాలుగింటికీ గుర్తుల గీత ఉంది, మామూలు జన్యువు గీత లేదు. అచ్చం పెద్దన్న పంపిన ముక్కల్లో వచ్చిన లెక్కే.

అంటే ఎలుకలు మారలేదు. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఆమెకు ఇంకా భయమేసింది. మార్చకుండానే ఎలా పాడుచేశాడు? తిండిలో ఏమైనా కలుస్తోందా? ఎవరైనా కలిపిస్తున్నారా?

“నీకు పచ్చకామెర్లు వచ్చాయే,” అంది అక్క, పొద్దున్నే కోర్టుకు బయల్దేరుతూ. అక్క అక్కడ గుమాస్తా. “ఆయన దగ్గినా కుట్రేనంటున్నావు. తుమ్మితే ఏమంటావో?”

“నీకు నవ్వులాటగా ఉంది. నాది రెండేళ్ల పని.”

“ఆయనది పంతొమ్మిదేళ్ల పని. సాక్షి అబద్ధమాడాడనే ముందు నువ్వు సాక్షిని సరైన ప్రశ్నే అడిగావా లేదా చూసుకో తల్లీ. మా జడ్జిగారు రోజూ వకీళ్లకి పెట్టే చీవాట్లు ఇవే.”

బుధవారం ఆమె జత కార్డుల పెట్టె ముందేసుకుని కూర్చుంది. ఏ మగదాన్ని ఏ ఆడదానితో కట్టారో, పిల్లలు ఎప్పుడు పుట్టాయో ప్రతి కార్డు మీదా ఉంటుంది. ఆమె రెండేళ్ల క్రితం రాసిచ్చిన ఆజ్ఞ ఒకటే: కత్తెర తండ్రి వైపు నుంచి రావాలి. అదే అందరికీ అలవాటైన తేలిక దారి. కత్తెరున్న మగది ఒక్కటుంటే చాలు, మూడు ఆడవాటితో తిప్పవచ్చు, పిల్లలు త్వరగా పోగవుతాయి.

పదకొండో కార్డు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. తండ్రి నంబరు నీలం సిరాతో కొట్టేసి ఉంది. తల్లి నంబరు కూడా. పక్కన వేరే నంబర్లు, పెద్దన్న దస్తూరీతో. కత్తెర తల్లికి ఉంది, తండ్రికి లేదు.

దొరికావు, అనుకుంది.

పెద్దన్న పెట్టెలు కడిగే గదిలో ఉన్నాడు. ఆమె కార్డు అతని ముందు పెట్టింది.

“ఇది మీ రాతేనా?”

“నాదేనమ్మా.”

“నేను రాసిచ్చిన జతను మీరెందుకు మార్చారు? ఎవరు మార్చమన్నారు?”

“ఎవరంటారేంటమ్మా? ఆ మగది రాక్షసి. కత్తెరదే, మీకు ముద్దుది. రెండు ఆడవాటిని కొరికి పెట్టింది. మూడోదాన్ని కూడా దాని నోట్లో పెట్టమంటారా? కత్తెరున్న ఆడది ఒకటి ఖాళీగా ఉంది, శాంతంగా ఉండే మగది ఒకటి ఉంది. కట్టాను.”

“నాకు చెప్పాలిగా!”

“చెప్పాను. మీరు కంప్యూటర్‌లో తల పెట్టుకుని ‘సరే సరే’ అన్నారు. అందుకే కార్డు మీద కూడా రాశాను.” అతను చేతులు తుడుచుకున్నాడు. వేళ్లు నిజంగానే కాస్త వణుకుతున్నాయి. “దాచేవాణ్ణయితే కొత్త కార్డు రాసి పెట్టేవాణ్ణి కదమ్మా. కొట్టివేత ఎందుకు ఉంచుతాను?”

ఆమె కార్డు వెనక్కి తీసుకుంది. నమ్మలేదు. ఆ జత ఈనిందని, దాని పిల్లలే ఇప్పుడు అయిదు సాక్షి ఎలుకలని కార్డు చెబుతోంది. ఈ అయిదే పడుతున్నాయని తేలితే ఫిర్యాదుకు ఆధారం చేతికొచ్చినట్టే. గదిలోకి వెళ్లి కడ్డీ లెక్కలు తీసి కార్డుల వారీగా విడదీసింది.

అయిదు ఎలుకలు. నాలుగు నిమిషాల పది సెకన్లు. నాలుగూ ఇరవై. నాలుగూ అయిదు. అయిదింట్లో ఒక్కటీ పడలేదు.

పడిన ఆరూ ఆమె ఆజ్ఞ ప్రకారం కట్టిన జతల పిల్లలే.

ఆమె లెక్కను మళ్లీ మొదట్నుంచీ చూసుకుంది. మందు ఎవరూ కలపలేదు. గదీ ఒకటే, తిండీ ఒకటే, మనిషీ ఒకడే. తేడా ఒక్కటే, కత్తెర తండ్రిదా తల్లిదా అన్నది. తండ్రిలో ఆ కత్తెర నరాల్లోనే ఉంటుందని ఎవరన్నారు? వీర్యకణాలు తయారయ్యే చోట కూడా ఉంటే? అక్కడే ముక్క తెగిపోతే? అలా తెగిన జన్యువు పిల్లకు వస్తుంది. కత్తెర రాకపోయినా వస్తుంది. వచ్చిందంటే ఒక్క నరాల్లో కాదు, తల్లిదొకటి తండ్రిదొకటి ఉండే రెండు కాపీల్లో ఒకటి ఒళ్లంతా పోయినట్టే. మిగిలిన ఒక్క కాపీతో ఎలుక బతుకుతుంది గానీ, కడ్డీ మీద నిలబడలేదు.

మరి పరీక్షలో ఎందుకు కనపడలేదు? ప్రైమర్లు, అంటే పరీక్షలో చూడాల్సిన చోటుకు అటూ ఇటూ జన్యువు మీద కూర్చునే చిన్న పోగులు, గీసిన పటం తీసింది. తన దస్తూరీయే. పరీక్ష రెండో గుర్తు దగ్గర మాత్రమే చూస్తుంది. ఒక ప్రైమరు కూర్చునే చోటు తెగిపోయే ముక్కలోనే ఉంది. ముక్క పోతే దానికి కూర్చునే చోటే లేదు, గీతే రాదు. తెగిన కాపీ మూగదైపోతుంది. మిగిలిన కాపీ ‘గుర్తులున్నాయి’ అంటుంది. చూసేవాళ్లు రెండు కాపీలకూ గుర్తులున్నాయని రాసేసుకుంటారు.

అంటే తాను అడిగిన ప్రశ్నలోనే ఆ సంగతి లేదు.

గుర్తులకు బయట, అటొకటి ఇటొకటి కూర్చునే ప్రైమర్లు పాత పెట్టెలో ఉన్నాయి. మధ్య ముక్క ఉంటే దూరం ఎక్కువై గీత రాదు. ముక్క పోతేనే చిన్న గీత వస్తుంది. గురువారం మధ్యాహ్నం అవే పద్నాలుగు చెవి ముక్కల మీద వాటిని నడిపింది.

ఆరు గీతలు. నరాల్లో తప్ప ఎక్కడా తెగకూడని జన్యువు చెవిలో తెగి కనపడింది. ఆ ఆరూ కడ్డీ మీంచి పడిన ఆరే. మిగతా ఎనిమిదీ శుభ్రం. పెద్దన్న కట్టిన జత పిల్లలు అయిదూ అందులోనే ఉన్నాయి.

ప్రొఫెసర్ జెల్ ఫోటోను వెలుతురుకు ఎత్తి చూశాడు.

“కత్తెర తండ్రి నుంచే రావాలని ఎవరు పెట్టారు?”

“నేనే సార్. మీరు సంతకం చేశారు.”

ఆయన ఫోటో దించాడు. “అయితే కత్తెరున్న పిల్లల్లో కూడా...”

“ఎన్నింట్లో ఒళ్లంతా ఒక కాపీ పోయిందో తెలీదు సార్. నరాల వల్ల పడ్డాయో, కండరాల వల్ల పడ్డాయో చెప్పలేం. ఆ జతల లెక్కలన్నీ తీసెయ్యాలి. ఇక నుంచి కత్తెర తల్లికే ఉండాలి. ప్రతి పిల్ల చెవిలోనూ తెగిన జన్యువును చూపే ఈ మూడో గీత కోసం చూడాలి.”

“ఏడాదిన్నర పని!” ఆయన నుదురు పట్టుకున్నాడు. “అయినా పెద్దన్న నువ్వు రాసిచ్చిన ఆజ్ఞ తప్పాడు కదా. అది తప్పేగా?” అన్నాడు.

“ఆజ్ఞ తప్పబట్టే మనకు శుభ్రమైన సాక్షులు అయిదు మిగిలాయి సార్. ఫిర్యాదు కావాలంటే రాస్తాను. నా పేరు మీద రాస్తాను, నా తప్పు గురించి రాస్తాను. ఆయన పొడిగింపు కాగితం మాత్రం ఇవాళే పంపండి.”

ప్రొఫెసర్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ పిల్ల తన సంతకం గురించి ఇంకెక్కడైనా మాట్లాడుతుందా అన్న అనుమానం ఆ చూపులో స్పష్టంగా ఉంది. సొరుగు లాగి, పొడిగింపు కాగితం తీసి, సంతకం చేశాడు.

ఆమె ఆ కాగితం పట్టుకుని ఎలుకల గదికి వెళ్లింది. పెద్దన్న దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతోషం కనపడలేదు.

“నేను పొరపాటు పడ్డాను పెద్దన్నా. తప్పు నాదే.”

“మీకు నా మీద అనుమానమని మంగళవారమే తెలుసమ్మా. నేను ఎడమ చెవికి వేస్తాను. వచ్చి చూస్తే అన్నింటికీ కుడి చెవుల్లో కొత్త బెజ్జాలు.”

ఆమె ముఖం ఎర్రబడింది. “మరి నన్ను అడగలేదేం?”

“మీరు నన్నడిగారా?”

కొత్త జతలు కట్టాలి. అతను కత్తెరున్న ఆడదాని పెట్టె దించి బల్ల మీద పెట్టాడు. మూత తియ్యబోయి ఆగి, పెట్టెను ఆమె వైపు జరిపాడు.

“మీరే తీసి నంబరు పైకి చదవండి.”

“మీరుండగా నేనెందుకు?”

“అలా కాదమ్మా. ఇక మీదట ప్రతి జతా ఇద్దరం చూసే కడదాం. మీరు చదివితే నేను వింటాను, నేను రాస్తే మీరు చూస్తారు. కింద ఇద్దరి సంతకాలూ. నాకు మీ మీద కోపం లేదు,” అన్నాడు పెన్ను మూత తీస్తూ, “నమ్మకం కూడా లేదు.”

ఆమె చేతి తొడుగులు వేసుకుని ఎలుకను ఎత్తి, చెవికున్న బిళ్లను వెలుతురుకు తిప్పి, నంబరు పైకి చదివింది. అతను వెంటనే రాయలేదు. ముందు తన కళ్లజోడు సర్దుకుని, వంగి, ఆ చెవిని తానూ ఒకసారి చూసుకున్నాడు.