మీకు తెలిసినవాళ్ళెవరికైనా ఉంటే

చెవులమ్మకు ఆ పేరు పెట్టింది బావ. వెక్కిరించడానికే పెట్టాడు, కానీ పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు ఆమె కార్డు మీద కూడా అదే ఉంది. షాపుల్లో, ఆఫీసుల్లో ఎక్కణ్ణుంచో అంతుపట్టకుండా వచ్చే చప్పుళ్ళను వెతికి పట్టుకుని మాన్పించడం ఆమె పని. ఫ్యాను బేరింగు కానీ, పైపులో నీళ్ళు కానీ, వదులైన రేకు కానీ, పొడవాటి స్క్రూడ్రైవర్ కొన గోడకు ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుందంటే దొంగ దొరికినట్టే. పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పనిచ్చేవాళ్ళూ లేరు.

నెలాఖరులోగా కొత్త షాపులు దొరక్కపోతే తన చిన్న వర్క్‌షాపుకు తాళం వేసి, బావ ఆఫీసులో ముందు కుర్చీలో కూర్చోవాలి. వచ్చేపోయేవాళ్ళకు నవ్వుతూ నమస్కారాలు పెట్టాలి. "ఏసీ గదమ్మా, హాయిగా ఉంటుంది" అంటాడు బావ. ఆ మాట వింటే చాలు, ఆమెకు ఒళ్ళు మండుతుంది.

లోపం పనిలో లేదు, అడగడంలో ఉందని అక్క ఎప్పుడో తేల్చేసింది. అంతకుముందు చెవులమ్మ సామాన్లు సర్దుకుంటూ, గుమ్మంలో నిలబడి, "మీకు తెలిసిన షాపులవాళ్ళ పేర్లు ఓ నాలుగు చెప్పండి" అని అడిగేది. వాళ్ళు నీళ్ళు నమిలి "చూద్దాంలెండి" అనేవారు. ఆ చూడటం ఎప్పటికీ అయ్యేది కాదు.

"అప్పు వసూలుకొచ్చినదానిలా అడుగుతావేమే?" అంది అక్క. "బాగుందని వాళ్ళంతట వాళ్ళు అననీ. అప్పుడు అడుగు. ఎలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు కావాలో చెప్పు, లేకపోతే ఎవరని వెతుక్కుంటారు పాపం? కుదరకపోతే పర్లేదను. అని నోరు మూసుకో. మళ్ళీ ఆ మాట ఎత్తకు."

కళ్ళజోళ్ళ షాపాయన కబురు పెట్టింది ఆ వారమే. పొడుగాటి వరండాలో పక్కపక్కనే మూడు షాపులు. మొదటిది ఈయనది, మధ్యలో దర్జీది, చివరిది ఎవరూ అద్దెకు తీసుకోక మూసి ఉంది. మూడింటి పైకప్పు లోపలా ఒకటే ఏసీ గొట్టం. సాయంత్రం జనం పలచబడ్డాక ఆ గోడలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టుందని ఆయన గుసగుసగా చెప్పాడు.

చెవులమ్మ గోడకు స్క్రూడ్రైవర్ ఆనించి విన్నది. నిజమే. లోపలికి పీల్చడం, ఆగడం, మెల్లగా వదలడం. ఆ ఆగడం మామూలుగా లేదు, మనం ఏం చేస్తున్నామో చూస్తున్నట్టుంది. ఆమె గొట్టం మూత విప్పింది. లోపల గాలిని ఆపే రేకు ఒకటి వదులుగా ఊగుతోంది. మరలు బిగించి, అంచుకు రబ్బరు పట్టీ వేసింది. చప్పుడు పోయింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ప్రాణం లేచొచ్చిందమ్మా. ఇన్నాళ్ళూ సాయంత్రమైతే పారిపోయేవాణ్ణి."

ఇదే సమయమనుకుంది చెవులమ్మ. గోడకు ఆనుకుని, పిచ్చాపాటీలా అంది. "సంతోషమండీ. మీకు తెలిసిన షాపులవాళ్ళు ఎవరికైనా ఇలా అంతుపట్టని చప్పుళ్ళుంటే నా మాట చెప్పండి. తొందరేం లేదు. కుదరకపోతే పర్లేదు."

ఆయన ముఖం ముడుచుకుంది. "చెప్పాలంటే నా షాపు గోడ ఊపిరి తీసుకుందని కూడా చెప్పాలిగా? ఇంకెవరొస్తారు ఇక్కడికి?"

"మీ సంగతి ఎందుకండీ? చప్పుళ్ళు పట్టే ఆవిడ ఒకరు తెలుసనండి, చాలు." ఒక కార్డు బల్ల మీద పెట్టి, ఆయన కొత్తగా తెచ్చిన ఫ్రేముల గురించి మాట్లాడింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆయన కార్డును జేబులో వేసుకోవడం మాత్రం ఓరకంట చూసింది.

రెండు రోజులకు దర్జీ ఫోన్ చేశాడు. "కళ్ళజోళ్ళాయన మీ పేరు చెప్పాడండీ." చెవులమ్మ ముందు కళ్ళజోళ్ళాయనకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది. తరవాత అక్కకు చెప్పి చిన్నపిల్లలా నవ్వింది.

దర్జీ షాపులో ఆ నవ్వు పోయింది. అదే ఊపిరి. ఆమె పక్క షాపులో పని ముగించిన సాయంత్రమే ఇక్కడ మొదలైందట. గొట్టం విప్పి చూస్తే రేకు గట్టిగా ఉంది. మరలు బిగుతుగా ఉన్నాయి. ఊపిరి తీసుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఏం తోచక రేకు మీద అరచెయ్యి వేసింది. ఊపిరి ఆగిపోయింది. చెయ్యి తీసినా మళ్ళీ రాలేదు.

"భలే పట్టేశారండీ!" అన్నాడు దర్జీ.

పట్టలేదని ఆమెకు తెలుసు. అది ఊపిరి బిగబట్టిందని కూడా తెలుసు. కారణం తెలియని పని పూర్తయినట్టు కాదు. పూర్తికాని పని చూపించి ఇంకొకరి దగ్గరికి పంపమనడం తప్పని, పంపినవాడి మాట కూడా పోతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నెలాఖరు దగ్గరపడింది. పక్కది ఖాళీ షాపే కదా, ఆ ఊపిరి జరిగితే అక్కడికే జరుగుతుంది, ఎవరికేం నష్టం అనుకుంది. అరచెయ్యి గోడకు నొక్కిపెట్టి, నవ్వు ముఖంతో ఆ మాటలే అంది. మీకు తెలిసినవాళ్ళెవరికైనా ఉంటే నా మాట చెప్పండి. తొందరేం లేదు. కుదరకపోతే పర్లేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఆమె వర్క్‌షాపులో ఫోన్ మోగింది.

"చప్పుళ్ళు పట్టే ఆవిడేనా?" మెత్తటి గొంతు.

"అవునండీ. ఎవరు చెప్పారు మీకు?" ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియడానికి ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్న అది.

"మీరే చెప్పారు. ఎవరికైనా ఉంటే చెప్పమన్నారు. రెండుసార్లు విన్నాను."

"ఎక్కణ్ణుంచండీ?"

"చివరి షాపు. ఇక్కడ నాకూ ఒక చప్పుడు గొడవ ఉంది. ఎవరో గోడకు ఇనుపకడ్డీ ఆనించి వింటారు. చెయ్యి వేసి నొక్కుతారు. అది మాన్పించాలి." అవతలి గొంతు ఊపిరి లోపలికి పీల్చుకుంది. ఆగింది. ఆమె చెవికి బాగా తెలిసిన ఆగడమే. "తొందరేం లేదు. కుదరకపోతే పర్లేదు."

ఫోన్ పెట్టేశాక చెవులమ్మ స్క్రూడ్రైవర్ వైపు చూసింది. దాన్ని మళ్ళీ ఏ గోడకైనా ఆనించే ధైర్యం తనలో ఎంత వెతికినా కనిపించలేదు. ఇంత కష్టపడి నిలబెట్టుకున్నది ఇలా పోతుందా అని ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని బావకు ఫోన్ చేసింది.

"బావా, ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందా?"

"ఉందమ్మా, నీ కోసమే ఉంచాను. పొద్దున ఎవరో ఫోన్ చేసి నీ గురించి చాలా బాగా చెప్పాడు కూడా. బుద్ధిమంతురాలు, నీ దగ్గరే కూర్చోబెట్టుకో, బయట పనులకు పంపకు అన్నాడు. పేరు అడిగితే చెప్పలేదు. ఆయాసం మనిషనుకుంటా, ఊపిరికీ ఊపిరికీ మధ్య చాలాసేపు ఆగుతున్నాడు."

చెవులమ్మ ఫోన్ చెవి నుంచి కాస్త దూరంగా జరిపింది.

"మంచివాడేలే," అన్నాడు బావ. "బలవంతం ఏమీ పెట్టలేదు. తొందరేం లేదన్నాడు."